మూడేళ్ల ఫోన్, స్క్రీన్ పగిలింది, బ్యాటరీ కూడా అయిపోయింది: 11,950 పెట్టి చేయించాలా, కొత్తది కొనాలా?

మారతహళ్లి_అబ్బాయి

అందరికీ నమస్కారం. 2022 ఆగస్టులో 27,999కి కొన్న ఫోన్. అమోలెడ్ స్క్రీన్, 120 హెర్ట్జ్, వేలిముద్ర సెన్సర్ స్క్రీన్ కిందే ఉంటుంది. పోయిన వారం బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులో బస్సు దిగుతుంటే చేతిలోంచి జారి ఫుట్‌పాత్ అంచుకు తగిలింది. పై మూల గ్లాసు పగిలింది, మిగతాదంతా పనిచేస్తోంది. దీనికి ముందే బ్యాటరీ వీక్ అయింది, సాయంత్రం నాలుగింటికల్లా చార్జర్ పెట్టాలి, కెమెరా తెరిస్తే 18 శాతం దగ్గర టక్కున ఆగిపోతోంది.

నాలుగు చోట్ల అడిగాను. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్క్రీన్ 9,800, బ్యాటరీ 1,750, లేబర్ 400, మొత్తం 11,950, జీఎస్‌టీతో కలిపి. పైగా స్క్రీన్ స్టాక్ లేదు, తెప్పించడానికి పన్నెండు రోజులన్నారు. ఎస్పీ రోడ్డులో ఒక షాపులో "ఒరిజినల్ క్వాలిటీ" స్క్రీన్ 3,200, బ్యాటరీ 700. అదే రోడ్డులో ఇంకో షాపులో పాత ఫోన్ నుంచి తీసిన కంపెనీ స్క్రీన్ 6,000, బ్యాటరీ 1,100, లేబర్ అందులోనే. ఇంకొకాయన గ్లాసు ఒక్కటే మారిస్తే 1,600 చాలన్నాడు.

ఒకే ఫోను, ఒకే స్క్రీన్, 1,600 నుంచి 9,800 దాకా ఎలా తేడా వస్తుంది? ఫోన్ పగిలినట్టే ఇస్తే ఎక్స్‌చేంజిలో 2,000 ఇస్తామన్నారు. కొత్తది తీసుకుంటే నా బడ్జెట్ 24,000. ఏం చేయమంటారు?

పాత_నోకియా

బాబూ, బ్యాటరీ మార్చడానికి సర్వీస్ సెంటర్ దాకా ఎందుకు. వెనక మూత తీసి కొత్తది వేసుకోవడమే కదా. నేను జయనగర్ నాలుగో బ్లాకులో కొని నా చేత్తోనే రెండుసార్లు మార్చాను.

మారతహళ్లి_అబ్బాయి

లేదండీ, దీని వెనక గ్లాసు జిగురుతో అతికించి ఉంటుంది, గోరు కూడా దూరదు. మీరు చెప్పే ఫోన్లలో చేతితోనే తీసేవాళ్లం, నిజమే.

తక్కువలో_పని

బ్రో 3,200ది వేయించుకో. స్క్రీన్లన్నీ చైనా నుంచే వస్తాయి, కంపెనీవాడు స్టిక్కర్ వేసి మూడింతలు లాగుతాడు అంతే. నేను రెండు ఫోన్లకు వేయించాను, ఏడాది పైనే నడిచాయి. బ్యాటరీ మార్చే ముందు ఒకసారి పూర్తిగా సున్నాకి దించి, వంద దాకా ఆపకుండా ఎక్కించు, సెట్ అవుతుంది. ల్యాప్‌టాప్‌కి కలిపి ఈ కమాండ్ కొట్టి చూడు,

```
adb shell dumpsys battery
```

అందులో `health: 2` అని వస్తే బ్యాటరీ బాగున్నట్టే, డబ్బులు దండగ చేయకు.

బెంచి_మనిషి

పదకొండేళ్లు ఈ పనే చేశాను, ముందు ఎస్పీ రోడ్డులో, తర్వాత బీటీఎంలో సొంతంగా. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు పైన తమ్ముడు చెప్పింది. కమాండ్ సరైనదే, కానీ `health: 2` అంటే "బ్యాటరీ మరీ వేడెక్కలేదు, వోల్టేజీ హద్దు దాటలేదు" అన్నంత వరకే. అరిగిపోయిందా లేదా అన్నది అది చెప్పదు, సగం చచ్చిన బ్యాటరీకి కూడా 2 అనే చూపిస్తుంది. అదే జాబితాలో `Charge counter` అని ఇంకో లైను ఉంటుంది, అది చూడాలి. ఫోన్ సరిగ్గా వంద శాతం చార్జ్ అయ్యాక ఆ అంకె తీసుకుని వెయ్యితో భాగిస్తే ప్రస్తుతం బ్యాటరీలో ఎన్ని మిల్లీ యాంపియర్ అవర్స్ పడుతున్నాయో సుమారుగా తెలుస్తుంది. కొన్ని ఫోన్లలో కంపెనీవాళ్లు అక్కడ కొత్త బ్యాటరీ అంకెనే శాతంతో గుణించి చూపిస్తారు, అప్పుడు పనికిరాదు. అంకె మరీ గుండ్రంగా, పెట్టె మీద రాసినదానికి సరిగ్గా సరిపోతే దాన్ని నమ్మకండి.

సున్నాకి దించి వందకి ఎక్కించడం వల్ల మీటరు లెక్క సరిపడుతుంది, శాతం తప్పు చూపిస్తుంటే సరిచేసుకుంటుంది. బ్యాటరీ లోపలి అరుగుదల మాత్రం తిరిగి రాదు. ఈ అబ్బాయి ఫోన్ కెమెరా తెరవగానే 18 దగ్గర ఆగిపోవడం అరుగుదల లక్షణమే. పాతబడ్డ సెల్ లోపల అడ్డు పెరుగుతుంది, కెమెరా, ఫ్లాష్ లాంటివి ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు వోల్టేజీ దబ్బున పడిపోతుంది, ఫోన్ తనను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మిగిలిన 18 శాతం అబద్ధం కాదు, కానీ ఆ వేగంతో బయటికి రాదు.

స్క్రీన్ గురించి చెప్పే ముందు ఒకటి అడగాలి. చీకటి గదిలో పూర్తి తెల్ల బొమ్మ, తర్వాత పూర్తి నల్ల బొమ్మ పెట్టి చూడు. పగిలిన మూల దగ్గర సిరా చుక్క లాంటి నల్ల మరక గానీ, పచ్చ గీత గానీ, మెరుపు గానీ ఉందా? టచ్ అన్ని చోట్లా పనిచేస్తోందా?

మారతహళ్లి_అబ్బాయి

అన్నా, `Charge counter` వంద శాతం దగ్గర 3280000 వచ్చింది. పెట్టె మీద 4500 ఉంది.

తెల్ల బొమ్మ పెట్టాను. మూలలో చిన్న నల్ల చుక్క ఉంది, బఠాణీ గింజంత. నేను గమనించనేలేదు. టచ్ బాగానే ఉంది.

బెంచి_మనిషి

3,280ని 4,500తో భాగిస్తే 73 శాతం. అంకె గుండ్రంగా లేదు కాబట్టి నమ్మొచ్చు. బ్యాటరీ మార్చాల్సిందే.

ఆ చుక్క ముఖ్యం. మీ స్క్రీన్లో మూడు పొరలున్నాయి: పైన గ్లాసు, మధ్యలో జిగురు షీటు, కింద బొమ్మ చూపించే ప్యానెల్. టచ్ చాలా అమోలెడ్లలో ప్యానెల్‌లోనే కలిసి ఉంటుంది, గ్లాసులో కాదు. అందుకే గ్లాసు పగిలినా టచ్ పనిచేస్తుంది. బొమ్మ మొత్తం శుభ్రంగా ఉండి గ్లాసు మాత్రమే పగిలితే దాన్ని వేడి ప్లేటు మీద పెట్టి సన్నని తీగతో విడదీసి, పాత జిగురు తుడిచి, కొత్త ఓసీఏ జిగురు షీటుతో కొత్త గ్లాసు అతికిస్తారు. 1,600 అన్నాయన చెప్పింది అదే. కానీ నీ ప్యానెల్‌లోకే దెబ్బ దిగింది. అమోలెడ్ లోపలి పదార్థానికి గాలి, తేమ తగిలితే చచ్చిపోతుంది, ఆ చుక్క రోజురోజుకీ పెద్దదవుతుంది. దాని మీద కొత్త గ్లాసు వేస్తే 1,600 పోవడమే. ఆయనకి చుక్క చూపించావా?

మారతహళ్లి_అబ్బాయి

లేదన్నా, నేనే చూడలేదు కదా. ఆయన పై నుంచి చూసి చెప్పాడు.

బెంచి_మనిషి

అయితే అది పక్కన పెట్టు. పెన్‌తో చుక్క అంచు దగ్గర గ్లాసు మీద గుర్తు పెట్టుకో, రెండు రోజుల్లో ఎంత పాకిందో తెలుస్తుంది. ఫోటోలు, కాంటాక్టులు, యూపీఐ యాప్‌ల రికవరీ వివరాలు ఇప్పుడే కాపీ చేసుకో. బొమ్మ కనపడుతున్నంత వరకే సులువు, స్క్రీన్ చచ్చాక అన్‌లాక్ చేయడానికే చచ్చేంత పనవుతుంది.

ఇక 3,200, 6,000, 9,800 తేడా. కంపెనీ 9,800కి ఇచ్చేది ప్యానెల్ ఒక్కటే కాదు. చాలా మోడళ్లలో సర్వీస్ సెంటర్‌కి వచ్చే స్క్రీన్ కాంబో ఫ్రేముతో కలిసి ఉంటుంది, అంటే ఫోన్ మధ్య అస్థిపంజరం కొత్తది వస్తుంది. వాళ్లు నీ మదర్‌బోర్డు, కెమెరాలు, స్పీకర్ తీసి కొత్త ఫ్రేములో బిగిస్తారు. అందుకే ధర ఎక్కువ, వంగిన అంచులు కూడా పోతాయి. మీ బిల్లులో ఫ్రేముతో ఉందా లేదా అని అడుగు.

3,200ది దాదాపు ఖాయంగా అమోలెడ్ కాదు. అమోలెడ్ ఫోన్‌కి ఎల్‌సీడీ కాపీ వేస్తారు, దాన్నే "ఒరిజినల్ క్వాలిటీ" అంటారు. నీ ఫోన్‌లో వేలిముద్ర సెన్సర్ స్క్రీన్ కింద ఉందన్నావు. అది అమోలెడ్ ప్యానెల్ గుండా వేలిని చూస్తుంది. ఎల్‌సీడీ వెనక బ్యాక్‌లైట్ పొర ఉంటుంది, వెలుగు దాన్ని దాటి సెన్సర్‌కి చేరదు, కాబట్టి వేలిముద్ర పనిచేయదు. ఇది ఆ షాపు నైపుణ్యం విషయం కాదు, ఆ రకం స్క్రీన్‌తో అది జరగదు. ఎల్‌సీడీ కొంచెం మందం, ఫ్రేములో సరిగ్గా కూర్చోదు, అంచు పైకి లేస్తుంది. నల్ల బొమ్మ చూపించినా బ్యాక్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి కొత్త బ్యాటరీ వేసినా తొందరగా తింటుంది. 120 హెర్ట్జ్ 60కి పడిపోతుంది.

తక్కువలో_పని

అన్నా నేను వేయించినవి అమోలెడ్ ఫోన్లు కాదు, ఎల్‌సీడీవే. దానికి కాపీ వేస్తే తేడా తెలియలేదు. వేలిముద్ర కూడా పక్క బటన్లో ఉంది. ఇప్పుడు అర్థమైంది. కానీ ఒక మాట, నా ఫోన్ 11,000, కంపెనీ స్క్రీన్ 2,900, కాపీ 1,400. అప్పుడు కాపీ వేయడం తప్పంటారా?

బెంచి_మనిషి

తప్పనను. ఎల్‌సీడీ ఫోన్‌కి మంచి ఎల్‌సీడీ కాపీ వేసి ఏడాది రెండేళ్లు వాడినవాళ్లు నా దగ్గరే బోలెడు మంది ఉన్నారు. ఎండలో వెలుగు కొంచెం తక్కువ, టచ్ అప్పుడప్పుడు తప్పుతుంది, ఆ మాట ముందే చెప్పి వేసేవాణ్ని. ఒకే కొలత అన్ని ఫోన్లకీ సరిపోదు.

ఆడిట్_కళ్లు

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను, కోరమంగల. మీరంతా స్క్రీన్ చూస్తున్నారు, నేను నెలకు ఎంత పడుతుందో చూస్తాను. ఫోన్‌కి కంపెనీ ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామంది?

మారతహళ్లి_అబ్బాయి

నాలుగేళ్లు అక్కా. అంటే 2026 ఆగస్టు దాకా.

ఆడిట్_కళ్లు

సరే, అప్‌డేట్లు ఆగాక కొన్ని నెలలు కూడా కలిపి ఇంకో పద్దెనిమిది నెలలు వాడతావనుకుందాం, అంతకంటే బ్యాంకు యాప్‌లతో ధైర్యం చేయకు. ఇప్పుడు పగిలిన ఫోన్‌కి 2,000 వస్తుంది, బాగు చేయిస్తే ఆ 2,000 వదులుకుంటున్నావు, అది కూడా ఖర్చే.

కంపెనీ దగ్గర: 11,950కి 2,000 కలిపితే 13,950. పద్దెనిమిది నెలల తర్వాత 3,000కి అమ్ముడుపోతుందనుకుంటే 10,950. నెలకు 608.

పాత ఫోన్ నుంచి తీసిన కంపెనీ స్క్రీన్: 7,100కి 2,000 కలిపితే 9,100. బయట చేయించిందని 2,500కే పోతుందనుకుందాం, 6,600. నెలకు 367.

కొత్త ఫోన్: 24,000, నాలుగేళ్లు వాడి 4,000కి అమ్మితే 20,000. నలభై ఎనిమిది నెలలకి 417.

చూడగానే కొత్తదే నయం అనిపిస్తుంది కదా, కంపెనీ రిపేరు కంటే. కానీ నువ్వు మూడేళ్లలో ఒక స్క్రీన్ పగలగొట్టావు. నాలుగేళ్లలో ఇంకొకటి పగలదని ఎందుకు అనుకోవాలి? కొత్త ఫోన్ స్క్రీన్ కూడా 9,000 అయితే 20,000 కాస్తా 29,000, నెలకు 604. అదే 24,000 ఫోన్లలో స్క్రీన్ 3,500కి దొరికేది ఎంచుకుంటే 23,500, నెలకు 490. అంటే కొనే రోజున ఎవరూ చూడని ఆ ఒక్క అంకె, స్క్రీన్ ధర, నెలకు వంద రూపాయల పైన తేడా తెస్తోంది. నాలుగేళ్లలో 5,500. బ్యాటరీ ఎలాగూ మూడో ఏట మార్చాలి కాబట్టి అదీ కలుపుకోవాలి, కానీ 1,100కీ 1,750కీ తేడా పెద్దది కాదు, స్క్రీనే లెక్కను తిప్పేది.

చిత్తూరు_పాప

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మ చిత్తూరులో ఉంది, ఆమె ఫోన్ వెనక మూత ఒక పక్క పైకి లేచింది. ఆమె చేత్తో నొక్కి రబ్బరు బ్యాండు వేసి వాడుతోంది. నేను వీడియో కాల్‌లో చూశాను. ఇది బ్యాటరీయేనా? 2020 చివర్లో 9,500కి కొన్నాం.

బెంచి_మనిషి

అమ్మాయీ, ముందు ఆమెకి ఇప్పుడే ఫోన్ చేయి, ఈ పోస్టు తర్వాత చదువు. ఇంకో నంబరు నుంచి చేయి. ఆ ఫోన్ స్విచాఫ్ చేయమను, చార్జర్ పెట్టొద్దను, రబ్బరు బ్యాండు తీసేయమను, ఎవరూ నొక్కకూడదు. బట్టలు, పరుపు దగ్గర కాకుండా నేల మీద, టైల్స్ మీద పెట్టమను. బ్యాటరీ లోపల గ్యాస్ చేరి ఉబ్బింది. నొక్కినప్పుడు లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే నిప్పు పుడుతుంది. గుచ్చి గ్యాస్ తీస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినొద్దు.

చిత్తూరు_పాప

చేశాను. పక్కింటివాళ్ల ఫోన్ నుంచి మాట్లాడింది, ఆఫ్ చేసి వరండాలో పెట్టింది. చాలా థాంక్స్. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఆ మోడల్ బ్యాటరీ ఇక రాదన్నారు. బయట షాపులో ఆ మోడల్ బ్యాటరీ లేదు, దాదాపు అదే సైజుది సరిపోతుంది, 650 అన్నారు. వేయించొచ్చా?

రిచీ_స్ట్రీట్

చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో పార్టులు అమ్మే పని నాది. ఒక మాట చెప్తాను. దాదాపు సైజు అనేది బ్యాటరీ విషయంలో ఒప్పుకోకండి. వెడల్పు పొడవు సరిపోయినా మందం అర మిల్లీమీటరు ఎక్కువైతే వెనక మూత మళ్లీ నొక్కుకుంటుంది. కనెక్టరు అదే కావాలి, లోపల ఉండే చిన్న రక్షణ బోర్డు కూడా అదే ఫోన్‌ది కావాలి. పాత బ్యాటరీ మీద మోడల్ కోడ్ అచ్చు వేసి ఉంటుంది, ఫోన్ పేరు కాదు, ఆ కోడ్‌తో వెతికించండి. ఒకే బ్యాటరీ నాలుగైదు ఫోన్లకి వాడే కంపెనీలు ఉన్నాయి, ఫోన్ పేరుతో దొరకనిది కోడ్‌తో దొరుకుతుంది.

ఇంకొకటి, దొరికినా తయారీ తేదీ చూడండి. చాలావాటి మీద తేదీ గానీ తేదీ కోడ్ గానీ ఉంటుంది. 2020 ఫోన్‌కి 2020లో చేసిన బ్యాటరీ గోదాములో ఐదేళ్లు పడి ఉంటే, వాడకపోయినా అది ముసలిదే.

ఇక్కడ మాకు ఏ మోడల్ పార్టు వస్తుంది అన్నది ఫోన్ గొప్పతనం మీద ఆధారపడదు. ఎన్ని అమ్ముడయ్యాయి అన్నదాని మీదే. పల్లెటూళ్ల దాకా పోయిన 10,000 ఫోన్‌కి నాలుగు రకాల స్క్రీన్లు నా కౌంటర్ మీద ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఒక్క సేల్‌లో అమ్మి ఆపేసిన 35,000 ఫోన్‌కి ఒక్కటీ ఉండదు, పగిలిన ఫోన్ల నుంచి తీసి ఇవ్వాల్సిందే.

చిత్తూరు_పాప

కోడ్ సంగతి తెలియదు. వచ్చే ఆదివారం ఊరెళ్తున్నా, షాపులో వాళ్లతోనే తీయించి చూస్తాను. పాత బ్యాటరీ చెత్తబుట్టలో వేయకూడదు కదా?

రిచీ_స్ట్రీట్

వద్దు. చెత్త బండిలో నలిగితే అక్కడ మంటలు లేస్తాయి. తీసిన షాపులోనే ఈ-వేస్ట్‌కి ఇవ్వమని అడగండి, లేదంటే సర్వీస్ సెంటర్‌లో పెట్టె ఉంటుంది.

తక్కువలో_పని

ఐదేళ్లకే బ్యాటరీ రాదని ఎలా అంటారు? కేసు వేయొచ్చు కదా. పదేళ్లు పార్టులు ఇవ్వాలని రూల్ ఉంది.

ఆడిట్_కళ్లు

ఆ రూల్ మన దగ్గర కాదు, పదేళ్లూ కాదు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి వచ్చే ఫోన్లకి, ఆ మోడల్ అమ్మకం ఆపాక ఏడేళ్లు ముఖ్యమైన పార్టులు ఇవ్వాలి. బ్యాటరీ 800 సార్లు చార్జ్ చేశాక కూడా 80 శాతం నిలవాలని కూడా పెట్టారు. మన దగ్గర 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, కంపెనీల సర్వీస్ వివరాలు ఒక చోట ఉంటాయి, అంతవరకు ఉపయోగమే. ఆ అమ్మగారి 2020 ఫోన్‌కి మాత్రం యూరప్ రూల్ వల్ల లాభం లేదు.

పాత_నోకియా

ఒక్కటి అడుగుతాను, బెంచి బాబూ. నాకు కూడా ఇప్పుడు కొత్తది కొనాలి, పిల్లలు 22,000ది చూపిస్తున్నారు. కొనే ముందే ఆ స్క్రీన్ ధర ఎలా తెలుస్తుంది? షాపువాడు చెప్పడు కదా.

బెంచి_మనిషి

మంచి ప్రశ్న అడిగారు సార్. చాలా కంపెనీల ఇండియా వెబ్‌సైట్‌లో సర్వీస్ పేజీలో స్పేర్ పార్టుల ధరల పట్టిక ఉంటుంది. మోడల్ ఎంచుకుంటే డిస్‌ప్లే, బ్యాటరీ, మదర్‌బోర్డు, వెనక మూత అన్నీ విడివిడిగా చూపిస్తుంది. అందులో మూడు చూడండి. డిస్‌ప్లే ధర ఫోన్ ధరలో ఎంత? మూడో వంతు దాటితే ఒక దెబ్బకే ఫోన్ పోయినట్టు. పట్టికలో రాసింది పార్టు ధరేనా, లేబర్, జీఎస్‌టీ కలిపా? ఇది కంపెనీకో రకంగా ఉంటుంది. మూడోది, అదే కంపెనీ రెండేళ్ల కిందటి మోడల్‌కి పార్టు పట్టికలో ఇంకా ఉందా? కొత్తదానికి ఇప్పుడు ఎలాగూ ఉంటుంది, పాతదానికి ఉంటేనే వాళ్ల అలవాటు తెలుస్తుంది.

వంపు అంచుల స్క్రీన్ వద్దని నా మాట. అందంగా ఉంటుంది, కానీ గ్లాసు మాత్రమే పగిలినా విడదీసేటప్పుడు అంచు దగ్గర ప్యానెల్ పోయే అవకాశం చాలా ఎక్కువ, నేను ఆ పని తీసుకోవడమే మానేశాను. ఫ్లాట్ స్క్రీన్ అయితే 1,600తో బయటపడే దారి ఒకటి మిగులుతుంది.

మారతహళ్లి_అబ్బాయి

రెండు రోజుల తర్వాత వచ్చాను. చుక్క పెన్ గీత దాటింది, ఇప్పుడు రూపాయి బిళ్లలో సగం ఉంది.

సర్వీస్ సెంటర్‌లో అడిగాను, 9,800ది ఫ్రేముతోనే. బ్యాటరీ అందులో లేదు. నాకు 6,000ది వైపు మనసు లాగుతోంది. కానీ పాత ఫోన్ నుంచి తీసిందని ఎలా నమ్మాలి? దాన్ని చూసి ఏం తెలుసుకోవాలి?

బెంచి_మనిషి

అతికించక ముందే పరీక్షించాలి, అదే అసలు విషయం. ఫోన్ విప్పి, ఆ స్క్రీన్ కేబుల్ మాత్రం బోర్డుకి తగిలించి, బయటే పెట్టి ఆన్ చేయమను. ఒప్పుకోని షాపు నుంచి వచ్చేయ్.

ఆన్ అయ్యాక మధ్యస్థమైన బూడిద రంగు బొమ్మ నిండుగా పెట్టి చూడు. కీబోర్డు నీడ, పైన గడియారం నీడ కనపడితే ఎవరో బాగా వాడిన ప్యానెల్, ఆ మచ్చ పోదు. తెలుపులో ఒక పక్క పసుపు, ఒక పక్క గులాబీ ఉంటే కూడా వద్దను. నలుపు పెట్టి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని చూడు, అమోలెడ్ అయితే ఆఫ్ చేసినట్టే ఉంటుంది, బూడిద వెలుగు కనపడితే నీకు ఎల్‌సీడీ అంటగడుతున్నారు. తర్వాత ఏదో ఒక యాప్ గుర్తు పట్టుకుని స్క్రీన్ అంతా అడ్డంగా, నిలువుగా లాగు. ఎక్కడైనా చేతిలోంచి జారిపోతే అక్కడ టచ్ లేదు. సెట్టింగ్స్‌లో 120 హెర్ట్జ్ ఇంకా కనపడుతోందా చూడు.

బ్యాటరీ కూడా అదే రోజు మార్పించు. స్క్రీన్ ఫ్రేముతో వస్తే పాత బ్యాటరీని పాత ఫ్రేము నుంచి ఎలాగూ పీకాలి, జిగురు గట్టిగా ఉంటుంది, పీకేటప్పుడు వంగుతుంది. వంగిన బ్యాటరీని మళ్లీ వేయడం నేను ఎప్పుడూ చేయలేదు. రెండు పనులకీ ఒక్కసారి విప్పితే చాలు, నెల తర్వాత మళ్లీ వెళ్తే మళ్లీ విప్పడం, మళ్లీ జిగురు, మళ్లీ లేబర్. వారంటీ ఎన్ని రోజులో బిల్లు మీద రాయించు, స్క్రీన్‌కి వేరుగా, బ్యాటరీకి వేరుగా.

ఆడిట్_కళ్లు

నా లెక్కలో ఒకటి సరిచేయాలి. 6,000ది తొమ్మిది నెలలకే పోతే 6,600 అన్నది తొమ్మిది నెలలకి పడుతుంది, అప్పుడు అమ్మితే 2,500 కూడా రాదు కాబట్టి ఇంకా ఎక్కువే, నెలకు 730 పైమాటే. కంపెనీ రిపేరు కంటే ఖరీదు. కాబట్టి బెంచి గారు చెప్పిన పరీక్షలు నిజంగా చేయి, మొహమాటపడకు.

మారతహళ్లి_అబ్బాయి

అయిపోయింది, వచ్చి రాస్తున్నాను.

శనివారం ఉదయం ఎస్పీ రోడ్డుకి వెళ్లాను. షాపాయన ముందు బయట పెట్టి చూపించడానికి కొంచెం విసుక్కున్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. మొదటి ప్యానెల్‌కి బూడిద రంగు పెట్టగానే కింద కీబోర్డు నీడ స్పష్టంగా కనపడింది, నాకు మామూలుగా అయితే ఎప్పటికీ తెలిసేది కాదు. వద్దన్నాను. ఆయన మాట్లాడకుండా లోపలి నుంచి ఇంకొకటి తెచ్చాడు, ఇదీ ఫ్రేముతోనే. దీనికి నీడ లేదు, నలుపు పూర్తి నలుపు, టచ్ మొత్తం లాగింది, 120 హెర్ట్జ్ ఉంది. బ్యాటరీ మీద 2025 తేదీ ఉంది. మొత్తం 7,100, బిల్లు మీద స్క్రీన్‌కి మూడు నెలలు, బ్యాటరీకి ఆరు నెలలు రాయించాను. రెండు గంటలు పట్టింది.

బ్యాటరీ హాయిగా ఉంది, నిన్న రాత్రి పదింటికి 34 శాతం మిగిలింది. కెమెరా తెరిస్తే ఆగట్లేదు.

ఒక్కటే తేడా. వేలిముద్ర పదిసార్లలో ఆరుసార్లే తీసుకుంటోంది. షాపాయన సాఫ్ట్‌వేర్ కాలిబ్రేషన్ కావాలి, నా దగ్గర ఆ టూల్ లేదన్నాడు.

బెంచి_మనిషి

బాగా చేశావు, రెండో ప్యానెల్ అడగడం చాలామంది చేయరు.

స్క్రీన్ కింది సెన్సర్‌కి కొత్త ప్యానెల్ వేశాక కాలిబ్రేషన్ చేయాలి, ఎందుకంటే ప్రతి ప్యానెల్ వెలుగును కొంచెం వేరుగా దాటనిస్తుంది, సెన్సర్ పాత ప్యానెల్ లెక్కతోనే చూస్తోంది. ముందు పాత వేలిముద్రలన్నీ తీసేసి, ఫోన్ రీస్టార్ట్ చేసి, స్క్రీన్ గార్డు ఉంటే తీసి, మళ్లీ నమోదు చేయి. ఒకే వేలిని రెండుసార్లు వేర్వేరు పేర్లతో పెట్టు. ఎనిమిది తొమ్మిది దాకా రావొచ్చు. రాకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కాలిబ్రేషన్ ఒక్కటే అడిగి చూడు. బయట పార్టు చూసి కొందరు చేయం అంటారు, కొందరు చేస్తారు.

మారతహళ్లి_అబ్బాయి

గార్డు తీసి మళ్లీ నమోదు చేశాను, పదికి ఎనిమిది వస్తోంది. గార్డు లేకుండా తిరగాలంటే మళ్లీ భయం. వేలిముద్రకి అడ్డు రాని గార్డు ఏదైనా వాడుతున్నారా ఎవరైనా?

చిత్తూరు_పాప

మా అమ్మ ఫోన్ తీయించాం. బ్యాటరీ మీద కోడ్ దొరికింది. అదే కోడ్ బ్యాటరీ ఇంకో మోడల్ పేరుతో తిరుపతిలో ఒక షాపులో ఉందట, కానీ తేదీ 2021 అని ఫోన్లో చెప్పాడు. 800 అడుగుతున్నాడు. రిచీ స్ట్రీట్ అన్నా, తీసుకోమంటారా?

రిచీ_స్ట్రీట్

2021ది వద్దు అక్కా. ఆ కోడ్ ఇక్కడ పెట్టండి, సోమవారం నా దగ్గర స్టాక్, పక్క రెండు షాపుల్లో స్టాక్ చూసి తేదీతో సహా చెప్తాను.